జోల్వెరైన్: జర్మన్ రాజ్యాల ఉమ్మడి సుంకాల చరిత్ర

జోల్వెరైన్ అనేది 1834 జనవరి 1న అమల్లోకి వచ్చిన జర్మన్ రాజ్యాల కస్టమ్స్ యూనియన్. సభ్య రాజ్యాల మధ్య సరుకు సుంకం లేకుండా తిరిగేది. బయటినుంచి వచ్చే సరుకు మీద మాత్రం అందరూ ఒకే రేటు వేసేవారు. మొదటి ఏర్పాటు స్వేచ్ఛా వ్యాపార ఒప్పందాల్లోనూ ఉంటుంది. కస్టమ్స్ యూనియన్‌ను వేరుచేసేది రెండోది. బయటి రేటు ఉమ్మడిదైతే ఏ రాజ్యమూ తనంతట తాను సుంకం మార్చలేదు, పరదేశంతో విడిగా వాణిజ్య సంధి చేసుకోలేదు. ఇంత అధికారాన్ని రాజులు ఎందుకు వదులుకున్నారన్న ప్రశ్నకు జర్మన్ జాతీయ భావన అని పాత పుస్తకాలు జవాబిచ్చాయి. ఒప్పందాల వివరాలు చూస్తే వేరే కారణం కనిపిస్తుంది: ఖజానా.

1815 తర్వాత జర్మన్ సమాఖ్యలో 39 రాజ్యాలుండేవి, దాదాపు ప్రతిదానికీ సొంత సుంకాలు. ప్రష్యా 1818లో తన లోపలి సుంకాలన్నీ తీసేసి, సరిహద్దు చుట్టూ ఒకే సుంకం పెట్టింది. ఆ సరిహద్దు లోపల ఇతర ప్రభువుల చిన్న భూభాగాలు ద్వీపాల్లా చిక్కుకున్నాయి. వాటికి వెళ్లే సరుకు మీదా ప్రష్యా సుంకం పట్టింది. 1819లో ష్వార్ట్స్‌బర్గ్-జోండర్‌స్‌హౌజెన్ అనే చిన్న సంస్థానం రాజీపడి, వసూలైన సుంకంలో జనాభా లెక్కన వాటా తీసుకోవడానికి ఒప్పుకుంది. తర్వాతి ఒప్పందాలన్నిటికీ ఈ చిన్న ఒడంబడికే నమూనా. 1828లో హెస్సె-డార్మ్‌స్టాట్ చేరింది. అదే ఏడు బవేరియా, వుర్టెంబర్గ్ తమలో తాము మరో యూనియన్ కట్టుకున్నా, 1833లో అవి ప్రష్యాతో కలిశాయి.

పంపిణీ పద్ధతి అసలు కీలకం. సరుకు దిగేది రేవుల దగ్గర, నదుల దగ్గర, బయటి సరిహద్దు దగ్గర. వాడేది లోపలి ఊళ్లలో. వసూలు చేసినవాడే డబ్బు ఉంచుకుంటే లోపలి రాజ్యానికి ఏమీ మిగలదు. అందుకే మొత్తం కలిపి జనాభా ప్రకారం పంచారు, దానికోసం మూడేళ్లకోసారి జనాభా లెక్కలు తీశారు. ఎవరి సుంకపు అధికారులు వారికే ఉన్నా, ఒకరి కార్యాలయాల్లో మరొకరి తనిఖీదారులు కూర్చునేవారు. తన వసూళ్లలో కొంత ప్రష్యా ఇతరులకు వదులుకుంది. చిన్న రాజులకు ఇది ప్రజాప్రతినిధుల సభలను అడగకుండా చేతికందే ఆదాయం. 1854లో చేరిన హానోవర్ జనాభా లెక్కకు మించిన వాటా బేరమాడి తీసుకుంది. అధికారం పంచుకోవడానికి ధర ఉంటుందనీ, దాన్ని లెక్కగట్టవచ్చనీ దీన్నిబట్టి తెలుస్తుంది.

చిన్న రాజ్యాలకు దక్కింది డబ్బే గాని మాట కాదనీ, పెత్తనమంతా ప్రష్యాదేననీ ఒక అభ్యంతరం ఉంది. కాగితం మీద అది సరికాదు: ఉమ్మడి సమావేశంలో ఏ మార్పుకైనా అందరూ ఒప్పుకోవాలి, అంటే ప్రతి రాజ్యానికీ వీటో ఉంది. ఆచరణలో మాత్రం అభ్యంతరంలో సగం నిజముంది. 1862లో ప్రష్యా ఫ్రాన్స్‌తో సుంకాలు తగ్గించే సంధి చేసుకుంటే బవేరియా, వుర్టెంబర్గ్ నిరాకరించాయి. యూనియన్ ఒప్పందం గడువు 1865తో ముగుస్తుంది. ఆ సంధిని ఒప్పుకున్నవారితోనే కొత్త ఒప్పందమని ప్రష్యా తేల్చిచెప్పింది. ముందు సాక్సనీ, చివరికి 1864లో దక్షిణ రాజ్యాలు దారికొచ్చాయి. వీటో పోలేదు, దాన్ని వాడే ఖర్చు పెరిగింది. విడిపోతే పోయే ఆదాయమూ మార్కెట్టూ ఎవరికి ఎక్కువో వారి మాట తేలికవుతుంది. కస్టమ్స్ యూనియన్‌లో బలాన్ని ఓట్ల లెక్కతో గాక ఈ కొలతతో చూడాలన్నది నా అభిప్రాయం.

ఉమ్మడి సుంకం రాజకీయ ఐక్యతకు తొలిమెట్టన్నది రెండో వాదన. 1871 నాటి జర్మన్ సామ్రాజ్యాన్ని సాక్ష్యంగా చూపుతారు. కాని 1866 యుద్ధంలో బవేరియా, సాక్సనీ, హానోవర్ వంటి సభ్య రాజ్యాలు ఆస్ట్రియా పక్షాన ప్రష్యా మీద యుద్ధానికి దిగాయి. అయినా సుంకాల వసూలు ఆగలేదు. 1867లో ప్రష్యాకు తప్ప మిగతా రాజ్యాలకు వీటో తీసేసి, మెజారిటీతో నిర్ణయించే కస్టమ్స్ పార్లమెంటు పెట్టారు. 1868 ఎన్నికల్లో వుర్టెంబర్గ్ ప్రజలు తమ 17 స్థానాలకూ ప్రష్యా వ్యతిరేకులనే పంపారు. ఒకే మార్కెట్టు కావాలి, ఒకే ప్రభుత్వం వద్దన్న వైఖరి అది. సామ్రాజ్యాన్ని తెచ్చింది ఫ్రాన్స్‌తో యుద్ధం. 1871లో అందులో భాగమైన హాంబర్గ్, బ్రెమెన్ రేవు నగరాలు 1888 దాకా ఉమ్మడి సుంకపు గీత బయటే ఉండగా, సామ్రాజ్యంలో ఎన్నడూ చేరని లక్సెంబర్గ్ మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేదాకా ఆ గీత లోపలే ఉంది.