వీడియో మధ్యవర్తిత్వం

వివాదంలో ఉన్న పక్షాలు వేర్వేరు ఊళ్లలోనో దేశాల్లోనో ఉంటూ, తెర మీద కలుసుకుని, తీర్పు చెప్పే అధికారం లేని ఒక తటస్థ వ్యక్తి సాయంతో తమంతట తామే రాజీకి వచ్చే పద్ధతిని వీడియో మధ్యవర్తిత్వం అంటారు. ఇరుపక్షాల వాదన విని మూడో వ్యక్తే నిర్ణయం ప్రకటించే ఆర్బిట్రేషన్‌కు ఇది భిన్నం. ఊరి పెద్దల సమక్షంలో రాజీలు కుదుర్చుకోవడం తరతరాలుగా ఉన్నదే. ఇంటర్నెట్ మీద మధ్యవర్తిత్వానికి తొలి ప్రయోగాల్లో ఒకటి 1999లో జరిగింది: మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఈథన్ కాట్ష్ ఆధ్వర్యంలో, ఈబే వేలం సైటులో అమ్మకందారులకూ కొనుగోలుదారులకూ మధ్య తలెత్తిన తగాదాలను ఈమెయిల్ ద్వారా పరిష్కరించడానికి ప్రయత్నించారు.

భారతదేశంలో ఈ పద్ధతిపై లోతైన చర్చ దాంపత్య వివాదాల నుంచే పుట్టింది. భర్త ఒక రాష్ట్రంలో కేసు వేస్తే, పుట్టింట్లో ఉన్న భార్య దాన్ని తన ఊరికి బదిలీ చేయమని సుప్రీంకోర్టును ఆశ్రయించడం పరిపాటి. జబల్‌పూర్‌లోని కేసును హైదరాబాదుకు మార్చమని కోరిన అటువంటి పిటిషన్‌పై 2017 మార్చి 9న తీర్పు చెబుతూ ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం, కేసును బదిలీ చేసే బదులు వీడియో సదుపాయాన్ని వాడుకోవచ్చని సూచించింది. అదే ఏడాది అక్టోబరు 9న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2:1 మెజారిటీతో ఆ తీర్పును తోసిపుచ్చింది. దంపతులను కలిపే ప్రయత్నానికి గోప్యత ప్రాణమనీ, దానిని వీడియో దెబ్బతీస్తుందనీ, రాజీ విఫలమైన తరువాత ఇరుపక్షాలూ కోరితేనే వీడియోను అనుమతించవచ్చనీ జస్టిస్ దీపక్ మిశ్రా, జస్టిస్ ఖాన్విల్కర్ అభిప్రాయపడ్డారు. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం వీడియోను నిషేధించలేదని, నిర్ణయాన్ని ఆ న్యాయస్థానాలకే వదలాలని జస్టిస్ చంద్రచూడ్ దూరదృష్టితో కూడిన భిన్నాభిప్రాయాన్ని రాశారు.

2020లో కోవిడ్ కోర్టుల తలుపులు మూయించడంతో తెర తప్పనిసరైంది. 2023 మధ్యవర్తిత్వ చట్టంలోని 30వ సెక్షన్, పక్షాల రాతపూర్వక సమ్మతితో మధ్యవర్తిత్వాన్ని ఏ దశలోనైనా ఆన్‌లైన్‌లో జరపవచ్చని చెబుతుంది. అయితే అదే ఏడాది అక్టోబరు 9న అమల్లోకి తెచ్చిన సెక్షన్లలో అది లేదు.

దూరపు పక్షాలకు కలిగే మేలు ఎంతటిదో ఒక ఊహాత్మక ఉదాహరణతో గ్రహించవచ్చు. భార్య గుంటూరులో, భర్త డల్లాస్‌లో ఉండి, బిడ్డ ఖర్చుల విషయంలో రాజీ కోరుతున్నారనుకుంటే, వేసవిలో గుంటూరు సాయంత్రం ఏడున్నరకు డల్లాస్‌లో ఉదయం తొమ్మిదవుతుంది కనుక, సెలవు పెట్టి విమానమెక్కే అవసరం లేకుండానే ఇద్దరూ కూర్చోగలరు. మధ్యవర్తి మొదట ఇద్దరినీ కలిపి విని, ఆపై ఒక్కొక్కరినీ బ్రేకౌట్ రూమ్‌లోకి, అంటే అదే సమావేశంలో వేరుచేసిన గదిలోకి తీసుకువెళ్లి, ఎదుటివారి ముందు చెప్పలేని మాటలు వింటారు. చివరికి ఒప్పందపు ముసాయిదాను తెర మీద చూపుతూ వాక్యం వాక్యం సరిచేయిస్తారు. ఎదురెదురుగా కూర్చోవడానికే భయపడే పక్షానికి ఈ దూరం రక్షణ కూడా.

గోప్యతకు ముప్పు ప్రధానంగా పక్షాలు కూర్చున్న గది నుంచే వస్తుంది. కార్యాలయంలో తలుపు వేస్తే సరిపోయేది. తెర మీద మాత్రం కెమెరా చూపినంత మేరే కనిపిస్తుంది. జవాబుకు ముందు చూపు పదేపదే ఒకే పక్కకు పోవడం, అంతవరకూ ఒప్పుకున్న అంకె మైకు ఆపి తెరిచేలోగా మారిపోవడం, తెర వెనుక ఎవరో అందిస్తున్నారనడానికి సూచనలు. అందుకే అనుభవజ్ఞులు మొదట్లోనే కెమెరాను గది చుట్టూ తిప్పి చూపమంటారు, గదిలో ఉన్న పెద్దలెవరైనా తెర ముందుకు వచ్చి పేరు చెప్పాలంటారు. రికార్డింగు సమస్య ఇంకా కఠినమైనది: 2023 చట్టంలోని 22వ సెక్షన్ దాన్ని ఎవరూ చేయకూడదని స్పష్టంగా చెప్పినా, సమావేశపు యాప్‌లో రికార్డు మీట నొక్కితే అందరికీ తెలుస్తుందేమోగానీ, పక్కన పెట్టిన మరో ఫోను చిత్రిస్తున్నా దాని జాడ తెలియదు. విడి సమావేశం ముగిసిందనుకుని మైకు తెరిచి ఉండగానే సొంత న్యాయవాదితో తుది అంకె చెప్పేయడం కూడా జరిగే ప్రమాదమే. గదులు మారిన ప్రతిసారీ ఎవరెవరు ఎక్కడున్నారో మధ్యవర్తి పైకి చదవడం దీనికి తగిన జాగ్రత్త.

ఏకాగ్రత విషయంలో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జెరెమీ బేలెన్సన్ 2021లో ప్రచురించిన వ్యాసం ప్రముఖమైనది. ముఖాలు అతి దగ్గరగా తదేకంగా చూస్తున్నట్టుండడం, తన ముఖాన్నే ఎడతెగక చూసుకోవడం, కదలకుండా కూర్చోవాల్సి రావడం, సైగలను పంపడానికీ గ్రహించడానికీ ఎక్కువ శ్రమపడాల్సి రావడం వీడియో సమావేశాల్లో అలసటకు కారణాలని ఆయన వివరించారు. పైగా ఎదుటి ముఖాన్ని చూస్తున్న వ్యక్తి కళ్లు కెమెరాను చూడవు కనుక, శ్రద్ధగా వింటున్నవారు కూడా నిర్లక్ష్యంగా ఉన్నట్టు కనబడతారు; మాట ఒక క్షణం ఆలస్యంగా చేరితే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, అడ్డుతగిలారని ఒకరినొకరు నిందించుకుంటారు. ఒకరు విడి సమావేశంలో ఉండగా రెండోవారు అరగంటపాటు ఖాళీ తెర ముందు కూర్చోవాల్సి వస్తుంది. ఆ వ్యవధిలో ఫోనులో మెసేజీలు చూసుకుంటూ లేదా బంధువుల మాటలు వింటూ, అంతకుముందు మెత్తబడిన మనసును మళ్లీ బిగించుకునే అవకాశం ఎక్కువ. అందువల్ల మధ్యవర్తులు విడి సమావేశాలను చిన్నవిగా ఉంచి, ఎంతసేపట్లో తిరిగివస్తారో ముందే చెప్పి, వేచి ఉన్నవారు ఆలోచించడానికి ఒక నిర్దిష్ట ప్రశ్న ఇచ్చి వెళతారు.