ఎథిక్స్ కమిటీ దరఖాస్తులో పాల్గొనేవారి చేరిక వివరణ

మనుషులతో పరిశోధన చేయదలచినవారు ఎథిక్స్ కమిటీకి సమర్పించే దరఖాస్తులో, పాల్గొనేవారిని ఎవరు, ఎక్కడ, ఎలా అడుగుతారో, కాదన్నవారికి ఏమవుతుందో తెలిపే భాగమిది. పంజాగుట్టలోని నిమ్స్ వంటి సంస్థల కమిటీలు ఇలాంటి దరఖాస్తులను ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం పరిశీలిస్తాయి. కొత్త మందుల ప్రయోగాలకు 2019 నియమాలు కూడా వర్తిస్తాయి.

ఖమ్మం అనుభవం

2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10–14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు మొదలైంది. 2010 ఏప్రిల్‌లో దాన్ని నిలిపివేశారు. తర్వాత విచారణలో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 హాస్టల్ వార్డెన్లు సంతకం చేసినవి. పిల్లలు వార్డెన్ మాట కాదనలేరు. ఆయన తల్లిదండ్రుల స్థానంలో నిలబడి సమ్మతి ఇవ్వడమూ కుదరదు. ఎవరి చేత అడిగిస్తారన్నది ముందే తేల్చుకోకపోతే సంతకాలున్నా సమ్మతి ఉన్నట్టు కాదు.

ఒక ఊహాత్మక ఉదాహరణ

అమీర్‌పేటలో కోచింగ్ కోసం వచ్చి హాస్టళ్లలో ఉండే, 18 ఏళ్లు నిండిన విద్యార్థుల నిద్రపై అధ్యయనం అనుకుందాం. అందులో రక్తపరీక్ష కూడా ఉంది. తొలి ముసాయిదాలో ఇలా ఉంది: "హాస్టల్ నిర్వాహకుల సహకారంతో విద్యార్థులను చేర్చుకుంటాం. ఇష్టమైనవారే పాల్గొంటారు." గది ఇచ్చిన మనిషే అడిగితే విద్యార్థి కాదనడం కష్టం. అందుకే రెండో వాక్యం మొదటిదాన్ని సరిదిద్దలేదు.

సవరించిన పాఠం ఇలా ఉండాలి: "నిర్వాహకులు గోడపై ప్రకటన అంటించనిస్తారు, అంతే. ఆసక్తి ఉన్నవారు నేరుగా పరిశోధకుడికి ఫోన్ చేస్తారు. హాస్టల్ బయట విడిగా కలిసి, తెలుగులో రాసిన సమాచార పత్రం ఇచ్చి వివరిస్తాం. నిర్ణయానికి కనీసం ఒక రోజు గడువిస్తాం. ఎవరు చేరారో, ఎవరు వద్దన్నారో నిర్వాహకులకు చెప్పం. మధ్యలో మానేసినా అప్పటివరకు ఇవ్వాల్సిన ప్రయాణ ఖర్చు ఇస్తాం. సంతకం చేసిన పత్రం నకలు వారికే ఇస్తాం."

ఆసుపత్రి ఓపీలో చేర్చుకునేటప్పుడు ఇదే చిక్కు వైద్యుడి దగ్గర వస్తుంది. చికిత్స చేసే వైద్యుడు కాక మరొకరు అడగాలి. వద్దన్నా వైద్యం ఆగదని పత్రంలో ఉండాలి. చదవలేనివారికి చదివి వినిపించేటప్పుడు, పరిశోధనతో సంబంధం లేని సాక్షి మొదటి నుంచి చివరిదాకా ఉండాలి. మైనర్లయితే తల్లిదండ్రుల అనుమతితో పాటు, వయసును బట్టి వారి అంగీకారమూ కావాలి.

పరిశీలన

దరఖాస్తు, ప్రకటన, సమాచార పత్రం మూడూ ఒకే మాట చెబుతున్నాయా అని కమిటీ సరిపోల్చుతుంది. అయితే రాసింది అమలవుతుందన్న హామీ దరఖాస్తు ఇవ్వలేదు. అందుకే ఎంతమందిని అడిగారు, ఎంతమంది వద్దన్నారు అనే లెక్క ఉంచాలి. అడిగినవారంతా ఒప్పుకున్నట్టు కనిపిస్తే, అక్కడ అడిగిన తీరును మళ్లీ చూడాలి.