కొట్టిన చెరకు ఆగదు బావా

కూర్చో బావా. కొంచెం ఇటు జరుగు, గాలి అటు తిరిగింది, పొగంతా నీ కళ్లల్లోకే పోతుంది. ఈ పొయ్యి చల్లారి ఆరు రోజులైంది. పుష్యమాసంలో నీ గానుగ దగ్గర పొయ్యి ఇలా బూడిదతో ఉండగా ఈ ముప్పై ఏళ్లలో నేను చూడలేదు. అందుకే నిన్ను అడక్కుండానే రెండు మోపుల పిప్పి తెచ్చి రాజేశాను. పెనం ఎక్కించక్కర్లేదు, ఈ రాత్రికి చలి కాచుకుందాం.

నువ్వు ఇల్లు కదలడం లేదని మా చెల్లెమ్మ చెప్పింది. ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషి, తనకే ఒంట్లో ఓపిక లేదు, అయినా నీ గురించే బాధపడుతోంది. అన్నం కలిపి వదిలేస్తున్నావట. జరిగింది చిన్నదేలే అని చెప్పడానికి నేను రాలేదు. నీ గానుగకి చెరకు తెచ్చిన ఆ రైతమ్మ అయిదు టన్నుల చెరకు పోయింది. సరిగా వండితే అయిదు క్వింటాళ్ల బెల్లం. మగదిక్కు లేని ఇంట్లో అది ఏడాది ఖర్చు. దాన్ని చిన్నదంటే నువ్వు నన్ను నమ్మవు, నమ్మకూడదు కూడా.

ఆసుపత్రి వరండాలో నిలబడి ఫోన్‌లో ఆమెకి సోమవారం వంతు అన్నావు. అదే సోమవారం ఇంకొకరికీ ఇచ్చావు. పుస్తకంలో రాసుకోలేదు. ఆమె నీ మాట మీద చెరకు కొట్టించింది. ఆ రెండోవాళ్ల ట్రాక్టర్ ముందొచ్చింది. ఆమె మోపులు నాలుగు రోజులు ఎండలో పడున్నాయి. అది మొదటి తప్పు. రెండోది నీకు నాకంటే బాగా తెలుసు. శుక్రవారం రసం పట్టగానే పులుపు వాసన వచ్చింది. తెట్టు ఎర్రగా లేచింది. అప్పుడే ఆమెని పక్కకి పిలిచి చెప్పాల్సింది. నువ్వు సున్నం ఎక్కువ వేశావు. బెల్లం గట్టిపడకపోగా నల్లబడింది.

ఇది నిన్ను కుళ్లబొడవడానికి అనడం లేదు. తప్పు ఇంత, ఇక్కడి వరకు, అని గీత గీసి చూపిస్తున్నాను. ఎందుకంటే ఈ ఆరు రోజుల్లో నువ్వు ఆ గీత దాటి నీ మొత్తం బతుకునే ఆ పెనంలో పోసుకుంటున్నావు.

నా సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. 1971లో, సంక్రాంతికి ఇంకా పది రోజులుందనగా. నాకు పంతొమ్మిదేళ్లు. అప్పుడు ఇంజన్లెక్కడివి, ఎద్దుల గానుగే. రెండు జతల ఎద్దుల్ని మార్చి మార్చి కట్టి తెల్లవార్లూ తిప్పితే మూడు నాలుగు పెనాలు వచ్చేవి. మా మేస్త్రి నన్ను సున్నం దగ్గర నిలబెట్టాడు. సున్నం వేయడం లెక్కతో వచ్చే పని కాదు కదా. సున్నపు తేట కొంచెం కొంచెంగా పోస్తూ రసం మొహం చూడాలి. ఆకుపచ్చగా మురికిగా ఉన్న రసం పసుపు తిరగాలి, మడ్డి గడ్డకట్టి పైకి తేలి పగుళ్లివ్వాలి. అక్కడ చెయ్యి ఆగాలి. ఇంకో చెంబు పడితే బెల్లం నలుపెక్కుతుంది, నాలుక మీద సబ్బులా జారుతుంది. ఆ రాత్రి నాకు నిద్ర ముంచుకొచ్చింది. పోసిన చెంబే మళ్లీ పోశాను. ఒక పెనం కాదు, వరసగా రెండు. అవి ఒక ఇంటి పెళ్లికి వండుతున్న పెనాలు. అరిసెలకి, పానకానికి ఆ ఇంటివాళ్లు ప్రత్యేకంగా ఎంచి కొట్టించిన చెరకు.

తెల్లారాక దిమ్మల రంగు చూశాను. ఎవరికీ చెప్పకుండా మా మేనమామ ఊరికి పారిపోయాను. మూడు రోజులు వాళ్ల గడ్డివాము వెనక పడుకున్నాను. నా అంత పనికిమాలినవాడు లేడనుకున్నాను, ఇంక గానుగ మొహం చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

నాలుగో రోజు మా మేస్త్రి తనే వచ్చాడు, పదకొండు మైళ్లు నడుచుకుంటూ. తిట్టలేదు, ఓదార్చనూ లేదు. ఒక మాట చెప్పాడు. నేను లేకపోవడంతో సున్నం దగ్గరికి పొయ్యి వేసేవాణ్ణి మార్చాల్సి వచ్చిందట. పొయ్యి దగ్గర కొత్తవాడికి మంట నిలపడం రాక రోజుకి ఒక్క పెనమే దిగిందట. వంతు కోసం కొట్టిపెట్టుకున్న ముగ్గురి చెరకు గానుగ చుట్టూ ఎండుతోందట. నువ్వు పాడు చేసింది రెండు పెనాలు, నువ్వు రాకపోవడం వల్ల పాడవుతున్నవి ఎన్నో నువ్వే వచ్చి లెక్కపెట్టుకో అన్నాడు. నేను లేచి ఆయన వెనకే నడిచాను. దారిలో ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఆ సీజన్ నా కూలి, ఆయన కూలిలో సగం ఆ పెళ్లివారికి పోయింది. ఆయన తన సగం నాకు చెప్పకుండానే ఇచ్చాడు. అది నాకు చాలా ఏళ్ల తర్వాత, ఆయన పోయాక తెలిసింది.

కొట్టిన చెరకు ఆగదు బావా. గడ నరికాక కూడా లోపల పని జరుగుతూనే ఉంటుంది. దాని సొంత జీవరసాలే పంచదారని విరగ్గొట్టి రెండు రకాల తీపిగా మార్చేస్తాయి. తీపి ఉంటుంది కానీ ఆ తీపి గట్టిపడదు, పక్కనున్న మంచి పంచదారనీ గట్టిపడనివ్వదు. సున్నం పులుపుని విరుస్తుందే తప్ప విరిగిన పంచదారని మళ్లీ అతకలేదు. పాకం చుక్క నీళ్లల్లో వేస్తే వేలికి ఉండ కట్టదు, సాగుతుంది. అచ్చులో పోస్తే చెమట పడుతుంది. అనకాపల్లి చెరకు పరిశోధన కేంద్రం 1913 నుంచీ ఉంది. అక్కడివాళ్లు మన పెద్దలకీ, మనకీ చెప్పిన మొదటి మాట ఇదే కదా, కొట్టిన రోజే గానుగ ఆడించండని. ఇవన్నీ నాకు ఎవరు నేర్పారనుకుంటున్నావు? మంట, సున్నం మా మేస్త్రి నేర్పాడు. చెరకు కొట్టిన దగ్గర్నుంచి గానుగలో పడేదాకా ఎన్ని గంటలో పుస్తకంలో రాసుకోవడం నీ దగ్గరే నేర్చుకున్నాను. నా కంటే పదేళ్లు చిన్నవాడి దగ్గర.

2014 గుర్తుందా? అక్టోబరు 12, హుద్‌హుద్. తెల్లారాక బయటికొస్తే చేలల్లో నిలబడ్డ గడ లేదు, అంతా చాపలా పరుచుకుపోయింది. పడ్డ గడకి కణుపు కణుపునా వేర్లు వస్తాయి, తీపి దిగిపోతుంది, ఎలకలు చేరతాయి. చెరకు ఇంకా పూర్తిగా పండలేదు. మిగతావాళ్లు పండనిద్దాం అన్నారు. నువ్వు కరెంటు లేకపోయినా డీజిల్ ఇంజన్ తెచ్చి గానుగ తెరిచావు. వంతులు ఎలా రాశావో నేను పక్కనే కూర్చుని చూశాను. ముందొచ్చినవాళ్లు ముందు అని రాయలేదు. సైకిల్ మీద చేను చేనుకీ తిరిగి, ఎవరి గడ నేలకి ఎంత ఆనుకుందో చూసి ఆ వరసలో రాశావు. ముప్పై ఒక్క పేర్లు. ముప్పై ఒకటో పేరు నీది. నీ వంతు వచ్చేసరికి నీ చేలో సగం గడ కుళ్లిపోయింది. చెల్లెమ్మ అప్పుడు ఒక్క మాట అనలేదు.

ఆ పుస్తకం నా దగ్గరే ఉంది. ఇదిగో. అట్ట చెద తిన్నా పేర్లు కనిపిస్తున్నాయి. నువ్వు ఈ ఏడు తప్పింది సరిగ్గా ఈ పుస్తకంలోనే, అదీ చెల్లెమ్మకి సెలైన్ ఎక్కుతున్న రోజున, ఒక్క సోమవారం. నేను ఆ సోమవారాన్ని కొట్టెయ్యను. మిగతా పేజీల్ని నువ్వు కొట్టేస్తానంటే మాత్రం ఊరుకోను. వాటిల్లో నా పేరు కూడా ఉంది.

నిన్న ఆ రైతమ్మ ఇంటికి వెళ్లాను. కోపం పోలేదు. పోగొట్టుకోమని నేను అడగలేదు కూడా. వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడింది. ఆ బెల్లం ఏం చేద్దామంది. మంచి రసంలో కలిపి మళ్లీ వండితే తేలుతుందని ఎవరో చెప్పారట. వద్దన్నాను. అలా కలిపితే మంచి పెనం కూడా చెమట పడుతుంది, అది నీకూ తెలుసు. నల్ల బెల్లం ఎంతైనా కొంటామని వచ్చేవాళ్లు ఒకరు మొన్న రాత్రి ఆమె గుమ్మం ముందుకు వచ్చారట. అది సారా బట్టీకి పోతుందని ఆమెకి తెలుసు. ఇవ్వనంది. చీకటి పడ్డాక అంత డబ్బు కళ్లముందు పెడితే, ఆ పరిస్థితిలో, వద్దని పంపించేసింది. పాకంగానే డబ్బాల్లో పట్టి పశువుల దాణాకి ఇద్దామని నేనన్నాను. పావు వంతు వస్తే ఎక్కువ. మిగిలిందానికి నువ్వు నీ ఆడింపు కూలీలోంచి ఎన్ని వాయిదాల్లో ఇస్తావో నువ్వే వెళ్లి చెప్పాలి. మధ్యవర్తిగా నేను చెప్పను. సున్నం సంగతి కూడా నీ నోటితోనే చెప్పు.

ఇంకో సంగతి. పొద్దున చెరువు గట్టు మీదుగా వస్తూ చూశాను. నీ వంతుల్లో ఉన్న నలుగురి తోటలు అలాగే నిలబడి ఉన్నాయి, కత్తి పడలేదు. పక్క ఊళ్లో గానుగ ఖాళీగా ఉంది, దాని యజమాని ట్రాక్టర్ కిరాయి తగ్గిస్తానంటున్నాడు. ఎందుకు కొట్టించలేదని ఒకాయన్ని అడిగాను. మన గానుగాయన ఇంకా ఎప్పుడు కొట్టమని చెప్పలేదు కదా అన్నాడు. జరిగిందంతా తెలిసినవాడే. ఇంకేమీ అనకుండా కార్శి తోటకి నీళ్లు మళ్లించుకోవడానికి పోయాడు.

ఆమె కూడా నేను గేటు దాటుతుంటే వెనక్కి పిలిచింది. చెరువు కింద ఆమెకి ఇంకో పాతిక సెంట్లు నిలబడి ఉంది కదా. అది ఇప్పుడు కొట్టాలా, పదిహేను రోజులు ఆగాలా కనుక్కోమంది. ఎవరిని కనుక్కోమందో పేరు పెట్టి చెప్పలేదు.

నాకు తెలీదు బావా. ఆ పల్లపు చేలో నీరు ఎంత నిలుస్తుందో, ఏ నెలలో నాటారో నీకు తెలుసు. పొద్దున్నే మంచు ఉండగానే వెళ్దాం. పై కణుపు, మొదలు కణుపు రెండూ నువ్వే కొరికి చూడు, తీపి ఒక్కలా ఉందో లేదో. పుస్తకం, పెన్సిలు నేను తెస్తాను. ఇంకో మోపు వెయ్యి, మంట తగ్గుతోంది.