అన్న ఊళ్లో, తమ్ముడు నగరంలో: ఊబకాయంలో వంశం వాటా ఎంత?

ఉద్దానంలో ఒకే తల్లి బిడ్డల్లో ఒకరు కొబ్బరి, జీడితోటల దగ్గర ఉండిపోతే, మరొకరు విశాఖకో హైదరాబాదుకో పనికి వెళ్లడం మామూలే. వెళ్లినవాళ్లకు పొట్ట పెరిగితే ఇంట్లో వినిపించే మాట 'మన వంశమే అంత'. ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చాలంటే ఇలాంటి తోబుట్టువులనే పక్కపక్కన నిలిపి చూడాలి.

ఇండియన్ మైగ్రేషన్ స్టడీ చేసింది అదే. హైదరాబాద్, బెంగళూరు, నాగపూర్, లక్నో ఫ్యాక్టరీల్లో పనిచేసే వలస కార్మికులను, వారి జీవిత భాగస్వాములను, పల్లెలోనే ఉన్న వారి తోబుట్టువులతో పోల్చారు. తోబుట్టువుల మధ్య సగటున సగం జన్యు భేదాలు ఉమ్మడి. బాల్యం గడిచిన ఇల్లూ ఒకటే. బాడీ మాస్ ఇండెక్స్ (బీఎంఐ) 25 దాటితే ఊబకాయంగా లెక్కించారు. 2010లో వెలువడిన ఫలితాల్లో పల్లె మగవారిలో ఊబకాయం సుమారు 19 శాతం, వలస వెళ్లినవారిలో సుమారు 38 శాతం. వలసలో గడిపిన ఏళ్లను బట్టి మరో విశ్లేషణ చేస్తే, కొవ్వు మొదటి పదేళ్లలోనే వేగంగా పెరిగినట్టు కనిపించింది. పదేళ్లలో జన్యువులు మారవు.

అయితే దీన్నిబట్టి వంశానిది ఏమీ లేదనుకోవడం తప్పు. కవలల మీద చేసిన అధ్యయనాలు ఒకే సమాజంలో మనుషుల బీఎంఐ తేడాల్లో దాదాపు 40 నుంచి 70 శాతం జన్యుపరమైనవని అంచనా వేస్తాయి. ఆ అంకె ఒక మనిషి బరువులో ఇంత భాగం జన్యువులదని చెప్పదు. ఒకే తిండి, ఒకే పని ఉన్నచోట ఎవరు ముందు లావెక్కుతారో జన్యువులు చాలావరకు నిర్ణయిస్తాయి. ఊరంతా ఎంత లావెక్కుతుందో తిండి, శ్రమ నిర్ణయిస్తాయి. నాకు ఈ రెండింటి మధ్య వైరుధ్యం కనబడదు.

2007లో గుర్తించిన ఎఫ్‌టీఓ జన్యువునే తీసుకోండి. యూరప్ ప్రజల్లో దాని బరువు పెంచే రూపం తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వచ్చినవారు, ఏ ఒక్కరి నుంచీ రానివారికంటే సగటున మూడు కిలోలు ఎక్కువ ఉన్నారు. అది ప్రధానంగా ఆకలి మీదుగా పనిచేస్తుంది. ఇలాంటి చిన్న ప్రభావాలు వందల కొద్దీ కలిసినదే మామూలు వంశ లక్షణం. ఒక్క జన్యు లోపంతో వచ్చే ఊబకాయం అరుదు. అది పసితనంలోనే, ఆపలేని ఆకలితో బయటపడుతుంది. అలాంటి బిడ్డకు మాత్రం జన్యు పరీక్ష నిజంగా ఉపయోగపడుతుంది.

వలస అధ్యయనానికీ పరిమితులున్నాయి. వెళ్లేవారు, ఉండిపోయేవారు మొదటినుంచే కొంత వేరుగా ఉండవచ్చు. అందులో ఉద్దానం కుటుంబాలను విడిగా చూడలేదు. పైగా కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఈ తీరంలో బరువును చదవడమే కష్టం: ఒంట్లో నీరు చేరితే తూకం పెరుగుతుంది, కండ కరిగితే తగ్గుతుంది. కాళ్ల వాపుతో రోజుల వ్యవధిలో పెరిగిన బరువును వంశానికి కట్టకుండా, క్రియాటినిన్, మూత్ర పరీక్షలు ముందు చేయించాలి.