వ్యాను పక్కన తెలుగు రాత: రెండు సెకన్లలో ఏం చదవగలరు?

బెంగళూరులో పచ్చళ్లు ఇళ్లకు చేరవేసే ఒక తెలుగు కుటుంబం చిన్న డెలివరీ వ్యాను కొన్నదనుకుందాం. వెనుక పెట్టె పక్క భాగం 7 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు. స్టిక్కర్ షాపులో ఇచ్చిన మాటలు ఇవి: 'ఇంటి పద్ధతిలో చేసిన స్వచ్ఛమైన ఆంధ్ర పచ్చళ్లు'. కింద కన్నడంలోనూ ఇంగ్లిషులోనూ అదే, ఆ కింద చిరునామా, రెండు ఫోను నంబర్లు. కంప్యూటర్ తెర మీద బాగానే ఉంటుంది. రోడ్డెక్కితే ఒక్క ముక్కా అందదు.

ఎందుకో లెక్క చూడండి. రోడ్డు పక్కన మనిషి వ్యానుకు 10 మీటర్ల దూరంలో ఉన్నాడు. వ్యాను గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్లు వెళ్తోంది. మరీ ఏటవాలుగా ఉన్నప్పుడు అక్షరాలు నొక్కుకుపోయి కనిపిస్తాయి కాబట్టి, ఎదురుగా రావడానికి 10 మీటర్ల ముందు నుంచి, దాటాక 10 మీటర్ల వరకే చదవడానికి వీలు. మొత్తం 20 మీటర్లు, రెండు సెకన్లు. ఆ చివర్లలో కంటికీ అక్షరానికీ మధ్య దూరం 14 మీటర్లు, సుమారు 46 అడుగులు.

బోర్డులు రాసేవారి పాత కొలత ఒకటుంది: హాయిగా చదవాలంటే 10 అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం. ఆ లెక్కన ఇక్కడ 5 అంగుళాలు కావాలి. అయితే ఆ కొలత ఇంగ్లిషు పెద్దక్షరాలకు పుట్టింది. తెలుగులో అక్షరం మీద తలకట్టు, గుడి ఉంటాయి, కింద వత్తు వేలాడుతుంది. స్టిక్కర్ కోసేవారు '5 అంగుళాలు' అన్నప్పుడు తరచుగా గుడి నుంచి వత్తు దాకా కలిపి కొలుస్తారు. అప్పుడు అసలు అక్షరం ఒళ్లు రెండున్నర, మూడు అంగుళాలకు పడిపోతుంది, వత్తు ఇంకా చిన్నది. అందుకే 'న' లాంటి ఒంటి అక్షరం ఒళ్లు 5 అంగుళాలు ఉండాలని ముందే చెప్పాలి.

ఇక్కడే మాట ఎంపిక పనికొస్తుంది. 'పద్ధతి', 'స్వచ్ఛమైన', 'పచ్చళ్లు' అన్నీ వత్తుల మాటలే. ప్రతి వరుస కిందా వత్తుల కోసం చోటు వదలాలి, ఆ మేరకు అక్షరాలు తగ్గించాలి. 'ఆవకాయ'లో ఒక్క వత్తూ లేదు. అదే చోటులో ఎంతో పెద్దగా కూర్చుంటుంది. పైగా స్వచ్ఛమైనదని చెప్పుకోని పచ్చళ్ల వ్యాపారి ఎక్కడా లేడు, ఆ మాట పోతే నష్టం లేదు.

అక్షరం మరీ లావైనా ముప్పే. సున్నలూ మెలికలూ పూడుకుపోతాయి. ద-ధ, ప-ఫల మధ్య తేడా ఒక చిన్న గీత మాత్రమే. చుట్టూ అంచుగీత, నీడ వేస్తే ఆ గీత ముందుగా మాయమవుతుంది. మధ్యస్థంగా లావున్న, లోపలి ఖాళీలు విశాలంగా ఉన్న ఫాంటు తీసుకుని నీడలు తీసేయమనండి. రంగుల్లో వెలుగు తేడా ముఖ్యం. డిజైన్ ఫొటోను ఫోనులో నలుపు-తెలుపుకు మార్చి చూడండి. ఆకుపచ్చ మీద ఎరుపు ఒకే బూడిద ముద్దగా కనిపిస్తుంది, పసుపు మీద నలుపు నిలుస్తుంది.

ఇక కుటుంబాల్లో అసలు వాదన: ఏ భాష పెద్దగా? మూడు లిపులూ సమానంగా పంచితే మూడూ చదవడానికి రావు. కర్ణాటకలో దుకాణాల పేరు బోర్డులపై 60 శాతం కన్నడ ఉండాలనే నియమం ఉంది. వ్యాను మీద కూడా కన్నడను పైన, పెద్దగా పెట్టడమే మేలని మా అభిప్రాయం, కొనేవారిలో కన్నడిగులూ ఉంటారు గనుక. తెలుగు తీసేయనక్కర్లేదు. చోటు ఇలా సరిపోతుంది: 60 అంగుళాల ఎత్తులో కింది 20 వదిలేయాలి, అక్కడ బురద పడుతుంది, పక్కన బైకులు అడ్డొస్తాయి. పైన 4 అంగుళాల అంచు. మిగిలిన 36లో కన్నడ 'ఉప్పినకాయి' 8 అంగుళాల ఒళ్లుతో, వత్తూ గుడీ కలిపి దాదాపు 16. దాని కింద తెలుగు 'ఆవకాయ' 6 అంగుళాల ఒళ్లుతో, తలకట్టు కలిపి 9 లోపే. వరుసల మధ్య ఖాళీ పోగా 6, 7 అంగుళాలు దుకాణం పేరుకు. అది ఆగి ఉన్నప్పుడు చదివినా చాలు.

ఫోను నంబరు పక్కన వద్దు. రెండు సెకన్లలో పది అంకెలు ఎవరికీ గుర్తుండవు. వెనుక తలుపు మీద ఒక్కటే నంబరు, 5-5గా విడదీసి రాయండి. సిగ్నల్ దగ్గర వెనక ఆగినవారికి తీరిక ఉంటుంది. మెరిసే రిఫ్లెక్టర్ పట్టీల మీద స్టిక్కర్ పడకూడదు. ప్రకటనకు అనుమతి, రుసుము సంగతి ముందే ఆర్టీఓ కార్యాలయంలో అడగండి.

స్టిక్కర్ కోయించే ముందు ఒక పరీక్ష. డిజైన్‌ను పదో వంతుకు తగ్గించి ఏ4 కాగితం మీద అడ్డంగా ముద్రించండి. 7 అడుగుల పెట్టె 21 సెంటీమీటర్లకు వస్తుంది. 14 మీటర్ల దూరం 1.4 మీటర్లవుతుంది. ఆ దూరంలో, కాగితాన్ని సగం పక్కకు తిప్పి, డిజైన్ ఇంతవరకు చూడనివారికి రెండు సెకన్లు చూపించి దించేయండి. ఏం అమ్ముతారో చెప్పలేకపోతే ఒక వరుస తీసేసి మళ్లీ ముద్రించండి. రెండోసారి వేరే మనిషికి చూపించాలి, మొదటివారికి మాట అప్పటికే తెలిసిపోతుంది.