మేనేజర్ అన్న మాటను మళ్లీ చెప్పేటప్పుడు: తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో తేడా

పైడిభీమవరం కంపెనీల్లోనో, విజయనగరం షాపుల్లోనో పనిచేసే మన పిల్లలు రోజూ మూడు భాషల్లో మాట్లాడతారు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, ఆఫీసుకు మెయిల్ రాయాలంటే ఇంగ్లీషు. మేనేజర్ అన్నమాటను ఇంకొకరికి చెప్పాల్సి వచ్చినప్పుడే చిక్కు వస్తుంది. ఒక్క మాట తేడా వస్తే డబ్బు ఎవరు ఎవరికి ఇవ్వాలో కూడా తారుమారైపోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. మంగళవారం నాడు మేనేజర్ ఒక కుర్రాడితో ఇలా అన్నారనుకోండి: "లిస్టు చూస్తున్నాను. నిన్ననే ఆఫీసుకు పంపాను. నీ ఓటీ డబ్బులు రేపు ఇస్తాను." శుక్రవారం వచ్చినా డబ్బులు పడలేదు. ఇప్పుడు పై అధికారికి సంగతి చెప్పాలి.

తెలుగులో ఇది తేలిక. అన్న మాట వెనకాల "అని" తగిలిస్తే చాలు. "ఇస్తాను" అన్నది "ఇస్తానన్నారు" అవుతుంది. కాలం ఏమీ మారదు. పైగా క్రియ చివరే మనిషిని చెప్పేస్తుంది. "ఇస్తానన్నాడు" అంటే అన్నవాడే ఇస్తాడు. "ఇస్తాడన్నాడు" అంటే వేరే ఎవరో ఇస్తారు.

ఉర్దూలోనూ కాలం మారదు. "మేనేజర్ నే కహా కే మై కల్ పైసే దూంగా" అంటాం. అందులో "మై" అంటే మేనేజరే అని వినేవాళ్లకు తెలుసు. దక్కనీ ఉర్దూలో అయితే "మై ఆతూఁ బోల్కే బోలా" అంటారు. ఆ "బోల్కే" మన "అని" లాగే మాట వెనకాల వచ్చి కూర్చుంటుంది.

ఇంగ్లీషు అలా కాదు. "దట్" పెట్టాక మాట మొత్తం మళ్లీ చెప్పేవాడి వైపు నుంచి సాగుతుంది. ఉర్దూలో ఉన్నది ఉన్నట్టు దించి "ద మేనేజర్ సెడ్ దట్ ఐ విల్ పే" అని రాస్తే, ఆ "ఐ" మేనేజర్ కాదు, రాసిన కుర్రాడే! అంటే డబ్బు తనే కడతానని రాసుకున్నట్టు అవుతుంది. అందుకే ముందు మనిషిని మార్చుకోవాలి: "ఐ" కాస్తా "హీ" కావాలి, "యువర్ ఓటీ" కాస్తా "మై ఓటీ" కావాలి.

ఆ తర్వాత కాలం. "సెడ్" జరిగిపోయిన మాట కాబట్టి, లోపలి క్రియ కూడా ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది. మేనేజర్ మూడు మాటలూ ఇలా మారతాయి:

- "ఐ యామ్ చెకింగ్ ద లిస్ట్" అన్నది "హీ సెడ్ హీ వాజ్ చెకింగ్ ద లిస్ట్" అవుతుంది.
- "ఐ సెంట్ ఇట్ యెస్టర్‌డే" అన్నది "హీ సెడ్ హీ హాడ్ సెంట్ ఇట్ ద డే బిఫోర్" అవుతుంది.
- "ఐ విల్ పే యువర్ ఓటీ టుమారో" అన్నది "హీ సెడ్ హీ వుడ్ పే మై ఓటీ ద నెక్స్ట్ డే" అవుతుంది.

మూడోదాన్ని జాగ్రత్తగా చూడండి. వెనక్కి జరపాలి కదా అని చాలామంది "హీ సెడ్ హీ పెయిడ్" అని రాసేస్తారు. దాని అర్థం డబ్బు ఇచ్చేశానని ఆయన అన్నారని. "విల్" వెనక్కి జరిగితే "వుడ్" అవుతుంది, అంతే. అయితే "వుడ్ పే" అన్నంత మాత్రాన డబ్బు వచ్చిందో లేదో తెలియదు. అందుకని "బట్ ఐ హావ్ నాట్ రిసీవ్డ్ ఇట్" అని విడిగా రాయాలి.

అన్న మాట ఇప్పటికీ నిజమైతే కాలం మార్చకపోయినా తప్పు కాదు. మేనేజర్ అన్న మంగళవారం సాయంత్రమే స్నేహితుడికి చెబుతుంటే "హీ సెడ్ హీ విల్ పే టుమారో" అనొచ్చు. శుక్రవారం చెబుతున్నప్పుడు అలా అనకూడదు. విన్నవాళ్లు ఆ "టుమారో"ను శనివారం అనుకుంటారు.

ఈ రోజుల గొడవ తెలుగులోనూ ఉంది. శుక్రవారం నాడు "రేపు ఇస్తానన్నారు" అంటే ఏ రేపో తెలియదు. "మంగళవారం అడిగితే బుధవారం ఇస్తానన్నారు" అంటే సందేహం ఉండదు.

చెయ్యమని చెప్పిన మాటకు దారి వేరు. "రేపు రా" అంటే తెలుగులో "రమ్మన్నారు". ఇంగ్లీషులో కాలంతో పనిలేదు, "టు" చాలు: "హీ టోల్డ్ మీ టు కమ్". వద్దన్న మాటకు "నాట్ టు": "హీ టోల్డ్ మీ నాట్ టు కమ్". "సెడ్ మీ" అని మాత్రం అనకూడదు. ఎవరితో అన్నారో వెంటనే చెప్పాలంటే "టోల్డ్" వాడాలి.

చివరగా మన "అంట". "ఏటన్నారు?" అని ఇంట్లో అడిగితే "ఇస్తారంట" అనేస్తాం. ఆ మాట ఎవరన్నారో అందులో లేదు. కబురుకు అది చాలు. ఫిర్యాదులో మాత్రం ఎవరు, ఏ రోజు, ఏమన్నారో తెలిసేలా "మేనేజర్ గారు మంగళవారం నాతో ఇస్తానన్నారు" అనే రాయాలి.