పొద్దుటి రొట్టె తినడానికో గది

అనిబిసెంట్ పేరు చెప్పగానే మనకు హోంరూల్ ఉద్యమం, అడయారు, మదనపల్లి కాలేజీ గుర్తొస్తాయి. ఆమె ఇండియాకి రాకముందు, 1888లో, లండన్ అగ్గిపుల్లల ఫ్యాక్టరీలో జరిగిన ఆడవాళ్ళ సమ్మెతో ఆమె పేరు ముడిపడి ఉంది. కార్మికోద్యమ చరిత్రల్లో ఆ సమ్మె గురించి ఒకటి రెండు పేరాలు ఉంటాయి. బిసెంట్ వ్యాసం రాసింది, అమ్మాయిలు మేల్కొన్నారు, గెలిచారు అన్నది ఆ కథ సారాంశం. ఆ సమ్మెలో స్త్రీలు ఏం అడిగారో ఒక్కొక్కటిగా చూస్తే కథ వేరే రకంగా కనిపిస్తుంది.

తూర్పు లండన్‌లోని బో ప్రాంతంలో బ్రయంట్ అండ్ మే కంపెనీ ఫ్యాక్టరీ ఉండేది. కార్మికుల్లో ఎక్కువమంది ఆడవాళ్ళు, చాలామంది ఐరిష్ కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు, పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్లలు కూడా. వేసవిలో పొద్దున్న ఆరున్నరకి మొదలైన పని సాయంత్రం ఆరుకి ముగిసేది. మధ్యలో పొద్దుటి తిండికి అరగంట, మధ్యాహ్నం గంట. మిగతా సమయమంతా నిలబడే చెయ్యాలి. బిసెంట్ మాట్లాడిన ఒక పదహారేళ్ళ అమ్మాయి వారానికి నాలుగు షిల్లింగులు సంపాదిస్తోంది. అక్కాచెల్లెళ్ళు కలిసి ఉండే ఒక్క గదికి అద్దె రెండు షిల్లింగులు. అదే కాలంలో కంపెనీ వాటాదారులకి నూటికి ఇరవై పైనే డివిడెండ్ పంచుతోంది.

జీతం తక్కువ కావడం ఒక బాధ. అసలు మంట జరిమానాల దగ్గర ఉంది. షిల్లింగుకి పన్నెండు పెన్నీలు అన్న లెక్క గుర్తుపెట్టుకుంటే అది ఎంత దెబ్బో తెలుస్తుంది. కాళ్ళు మురికిగా ఉన్నా, బల్ల కింద చెత్త ఉన్నా మూడు పెన్నీలు పోతాయి. కాలిన పుల్లలు బల్లమీద వదిలేస్తే ఏకంగా షిల్లింగు. కాస్త ఆలస్యంగా వస్తే ఆ పూటంతా గేటు బయటే నిలబెట్టి, రోజు కూలి ఎనిమిది పెన్నీల్లోంచి ఐదు కోస్తారు. తన వేళ్ళు తెగకుండా కాపాడుకోబోయి యంత్రం మీది పట్టీని మెలి పడనిచ్చిన అమ్మాయికి షిల్లింగు జరిమానా వేశారు. వేళ్ళ సంగతి వదిలెయ్, యంత్రాన్ని చూసుకో అని ఆమెకి చెప్పారట. మరొకామె యంత్రాన్ని చూసుకుంటూ వేలు పోగొట్టుకుంది. ఇవి కాక పని సామాన్లయిన బ్రష్షులకీ, రంగుకీ కూడా కూలిలోంచే కోత. పెట్టెలు తెచ్చిపెట్టే పిల్లల పేర కొంత, పాకింగ్ చేసేవాళ్ళ దగ్గర మూడు పెన్నీలు అదనంగా పోయేవి. ఈ కోతల్లో చాలావాటి లెక్క మేస్త్రీల చేతిలో ఉండేది. ఎవరి కూలి ఎంతో శనివారం చేతిలో పడేదాకా తెలియదు.

1888 జూన్ 23న బిసెంట్ తన చిన్న పత్రిక ‘ది లింక్’లో ఈ సంగతులన్నీ అచ్చువేసింది. ఆమెకి వివరాలు చెప్పింది ఫ్యాక్టరీ గేటు బయట కలిసిన కార్మికురాళ్ళే. యాజమాన్యం స్పందన చాలా పరిచితమైనదే. ముందు ఆమె మీద పరువునష్టం దావా వేస్తామని బెదిరించారు. తర్వాత ఒక కాగితం తయారుచేశారు. మేం సంతోషంగా ఉన్నాం, ఆ వ్యాసంలోవి అబద్ధాలు అని దాని సారాంశం. మేస్త్రీలు దాన్ని పట్టుకొచ్చి సంతకాలు పెట్టమన్నారు. ఆడవాళ్ళు పెట్టలేదు. జూలై మొదటివారంలో ఒకామెని పనిలోంచి తీసేశారు. కాస్సేపటికే ఒక విభాగం, తర్వాత మొత్తం ఫ్యాక్టరీ, సుమారు 1400 మంది, బయటికి వచ్చేశారు.

బిసెంట్ సమ్మె చెయ్యమని చెప్పలేదు. ఆమె కోరింది ఈ కంపెనీ అగ్గిపెట్టెలు కొనొద్దని. సమ్మె మొదలైన తర్వాత రెండొందల మంది స్త్రీలు ఆమె ఆఫీసుదాకా నడిచి వెళ్ళి, జరిగింది చెప్పి, మాకు సాయం చెయ్యమని అడిగారు. ఆ పైన ఆమె చేసిన సాయం చిన్నది కాదు. చందాలు పోగుచెయ్యడం, సమ్మెభత్యం పంచడం, పార్లమెంటు సభ్యుల దగ్గరికి కార్మికురాళ్ళని తీసుకెళ్ళడం, పత్రికలకి రాయడం ఆమె భుజాన వేసుకుంది. కానీ ఆ పని అంతా స్త్రీలు గేటు దాటి వచ్చాక మొదలైనది. బయటి సోషలిస్టులు అమాయకపు పిల్లల్ని రెచ్చగొట్టారు అన్నమాట ముందు యాజమాన్యానిది, దాని పక్షాన రాసిన పత్రికలది. తర్వాత చరిత్రకారులు అదే మాటని మెచ్చుకోలుగా మార్చి వాడుకున్నారు. రెండు చోట్లా ఆ స్త్రీలకి సొంత ఆలోచన లేదు. 2009లో లూయీజ్ రా తన పుస్తకంలో సారా చాప్‌మన్, మేరీ డ్రిస్కల్, ఆలిస్ ఫ్రాన్సిస్ లాంటి కార్మికురాళ్ళ పేర్లు ముందుకి తెచ్చి, ఈ సమ్మెకి నాయకులు లోపలే ఉన్నారని చూపించింది. నూట ఇరవై ఏళ్ళు పట్టింది దానికి.

ఇప్పుడు ఒప్పందం దగ్గరికి వద్దాం. లండన్ ట్రేడ్స్ కౌన్సిల్ మధ్యవర్తిత్వంతో, కార్మికురాళ్ళ ప్రతినిధులు కూడా కూర్చోగా, జూలై మూడోవారంలో షరతులు కుదిరాయి. జరిమానాలన్నీ రద్దు. రంగు, బ్రష్షుల పేర కోతలు రద్దు. పిల్లల పేర పట్టుకున్న పెన్నీలు, పాకింగ్‌వాళ్ళ మూడు పెన్నీలు తిరిగివ్వాలి. ఫిర్యాదులు మేస్త్రీ ద్వారా కాకుండా నేరుగా యాజమాన్యానికి చెప్పుకోవచ్చు. యూనియన్ పెట్టుకోవచ్చు. పొద్దుటి తిండి తినడానికి వేరే గది కట్టించాలి.

పెద్ద మాట ఒక్కటీ లేని జాబితా ఇది. కానీ ఒక్కో షరతు వెనక ఒక అధికారం ఉంది. జరిమానా అంటే మేస్త్రీ అధికారం. తలెత్తి మాట్లాడిన పిల్లని అతను జరిమానాతో లొంగదీసుకోగలడు. అది పోతే, ఫిర్యాదు అతన్ని దాటి పైకి వెళ్ళగలిగితే, అతని పట్టు సగం సడలినట్టే. ఆడపిల్లలు ఎక్కువగా పనిచేసే చోట మేస్త్రీ చేతిలోని ఈ చిన్న అధికారాలు ఎన్ని రకాలుగా వాడబడతాయో మనకి విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక ఆ గది. చవకరకం అగ్గిపుల్లల తలలకి తెల్ల భాస్వరం వాడేవారు. దాని ఆవిర్లు పుచ్చిన పన్ను గుండా దవడ ఎముకలోకి చేరతాయి. మొదట పంటినొప్పి, తర్వాత వాపు, చీము, దుర్వాసన, చివరికి ఎముక కుళ్ళిపోవడం. దవడ కోసి తీసెయ్యడమే వైద్యం. పంటినొప్పి అన్నవాళ్ళని, పన్ను పీకించుకో లేదా పని మానుకో అనేవారు. అందుకని ఆడవాళ్ళు నొప్పి దాచుకునేవారు. తెచ్చుకున్న రొట్టెని భాస్వరం ఉన్న గదిలోనే, ఆ చేతులతోనే తినేవారు. వేరే గది అడగడమంటే నోట్లోకి పోయే విషాన్ని కొంతయినా తగ్గించుకోవడం. భాస్వరమే మానెయ్యండి అని ఆ ఒప్పందంలో లేదు. తమ చేతికి అందేంతలో ఉన్న జాగ్రత్త అది.

ఒప్పందంలోకి రానివాళ్ళూ ఉన్నారు. షరతులు ఫ్యాక్టరీ లోపలి పని గురించినవి. ఇళ్ళలో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని అగ్గిపెట్టెలు అంటించే స్త్రీలు 144 పెట్టెలకి రెండుంపావు పెన్నీలు తీసుకునేవారు. జిగురు ఖర్చు కూడా వాళ్ళదే. సమ్మెకి కావలసిన గేటు వాళ్ళకి లేదు.

ప్రభుత్వం మాటకొస్తే, అది చాలా నెమ్మదిగా కదిలింది. ప్రమాదం లేని ఎర్ర భాస్వరం పద్ధతి అప్పటికే ఉంది. అదే కంపెనీ ఆ రకం పెట్టెలు కూడా అమ్మేది. ఫిన్లాండ్ 1872లో, డెన్మార్క్ 1874లో తెల్ల భాస్వరాన్ని నిషేధించాయి. బ్రిటన్ చేసింది 1890లలో జబ్బు వివరాలు తెలియజెయ్యాలని నియమం పెట్టడం. ఆ నియమాన్ని ఉల్లంఘించి 17 కేసుల్ని, అందులో ఆరు మరణాలని దాచిపెట్టినందుకు 1898లో కోర్టు కంపెనీకి వేసిన శిక్ష ఇరవై అయిదు పౌన్లు, తొమ్మిది షిల్లింగులు. జరిమానా అన్న మాటకి రెండు అర్థాలు ఇక్కడ పక్కపక్కన కనిపిస్తాయి. కాలిన పుల్లకి ఒక అమ్మాయి రోజు కూలికి మించి పోతుంది. ఆరు ప్రాణాలకి కంపెనీ చిల్లర ఇచ్చి బయటపడుతుంది. కంపెనీ 1901లో తెల్ల భాస్వరం మానేసింది. 1908లో చేసిన చట్టం 1910 చివరికి అమల్లోకి వచ్చింది. 1888లో ఏర్పడిన యూనియన్ మాత్రం ఆ చట్టాన్ని చూడలేదు. 1903లోనే అది మూతపడింది.

ముప్ఫై ఏళ్ళ తర్వాత ఇదే వరస మద్రాసులో కనిపిస్తుంది. పెరంబూరు బకింగ్‌హాం, కర్నాటక్ మిల్లుల కార్మికుల కష్టాలు చెప్పడానికి సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు వెళ్ళింది బిసెంట్ పత్రిక ‘న్యూ ఇండియా’ ఆఫీసుకే. అక్కడ ఆమె సహచరుడు బి.పి. వాడియా కలిశాడు. 1918 ఏప్రిల్‌లో మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. మొదటి కోరికల్లో ఒకటి మధ్యాహ్నం అన్నం తినడానికి ఇచ్చే అరగంటని పెంచమని. యాజమాన్యం లాకౌట్‌తో జవాబిచ్చింది. తర్వాత హైకోర్టుకెక్కి వాడియా మీద ఇంజంక్షన్ తెచ్చింది. అతను యూనియన్‌కి దూరం కావడంతో ఆ తగువు రాజీ అయింది. ఇలాంటి దావాల నుంచి యూనియన్‌లకి రక్షణ 1926 ట్రేడ్ యూనియన్ల చట్టంతో గానీ రాలేదు.

రెండు చోట్లా కోరికల జాబితాలో తిండి ఉంది. ఎక్కడ తినాలి, ఎంతసేపు తినాలి అన్న ప్రశ్నలు వంటింటివిగా కనిపిస్తాయి కాబట్టి చరిత్రలు వాటిని అడుగున పెట్టి, నాయకుల ఉపన్యాసాలని పైన పెట్టాయి. కార్మికోద్యమంలో స్త్రీల పాత్ర గురించి రాసేటప్పుడు మనం ముందు వెతకాల్సినవి ఆ కోరికల జాబితాలు. అక్కడ చిన్నక్షరాల్లో ఉన్న పంక్తులే, వాళ్ళు ఏది ప్రాణం మీదికొచ్చిన విషయం అనుకున్నారో చెబుతాయి.